ఆర్‌సీ లో-పాస్ ఫిల్టర్: కార్నర్ ఫ్రీక్వెన్సీ, గెయిన్ తప్పు లేకుండా ఎలా లెక్కకట్టాలి?

సామాను ముందు చెప్పేస్తాను. చెన్నైలో ఉంటే రిచీ స్ట్రీట్‌లో ఒక్క పూటలో అన్నీ దొరుకుతాయి: 10 కిలో ఓమ్ మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ ఒకటి, 1 మైక్రోఫారడ్ పాలిస్టర్ కెపాసిటర్ ఒకటి, 6 వోల్టుల చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, డిజిటల్ మల్టీమీటర్ ఒకటి. కెపాసిటర్ మీద 105K అని ఉంటుంది, K అంటే పది శాతం అటూఇటూ అని. ఎలక్ట్రోలైటిక్ వద్దు. దానికి ప్లస్సూ మైనస్సూ ఉంటాయి, మనం ఇచ్చేదేమో ఏసీ. ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తీగలకు చెయ్యి తగలకుండా స్లీవ్ వేసి మూసేశాకే ప్లగ్గు పెట్టండి.

కనెక్షన్‌కి అర నిమిషం చాలు. సెకండరీ ఒక కొస నుంచి రెసిస్టర్, రెసిస్టర్ అవతలి కొస నుంచి కెపాసిటర్, కెపాసిటర్ రెండో కాలు సెకండరీ రెండో కొసకి. అవుట్‌పుట్ కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య తీసుకోవాలి.

ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ కూడా రెండు గీతల పని. ఇది మామూలు వోల్టేజ్ డివైడరే. కింద ఉన్నది కెపాసిటర్, దాని ఇంపిడెన్స్ 1/sC. పైనా కిందా sC తో గుణిస్తే చాలు:

```
H(s) = (1/sC) / (R + 1/sC) = 1 / (1 + sRC)
fc   = 1 / (2πRC)
```

మన విలువలకు RC = 10,000 × 0.000001 = 0.01 సెకను. కార్నర్ ఫ్రీక్వెన్సీ 15.9 హెర్ట్జ్. మనం గెయిన్ తెలుసుకోవాలనుకున్నది 50 హెర్ట్జ్ దగ్గర, అంటే గోడ ప్లగ్గులో వచ్చే కరెంటు ఫ్రీక్వెన్సీ.

ఇక్కడి నుంచి నెమ్మదిగా నడవండి. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క మెట్టు మీదే జరుగుతాయి.

నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ డిప్లొమా చదువుతున్న అబ్బాయి ఒకడు సరిగ్గా ఇదే సర్క్యూట్ పట్టుకుని వచ్చాడు. "అన్నా, ఆరు వోల్టుల పైన రావాలి, రెండే వస్తున్నాయి. కెపాసిటర్లు మూడు మార్చాను" అన్నాడు. రికార్డు తెరిచి చూస్తే కార్నర్ 100 హెర్ట్జ్ అని రాసి ఉంది. "వంద ఎక్కడిది రా?" అంటే, "ఒకటి బై ఆర్‌సీ అన్నా" అన్నాడు. అతను చేసిన భాగాహారం సరైనదే. కానీ ఆ వంద హెర్ట్జ్ కాదు, సెకనుకు వంద రేడియన్లు. 2π తో భాగించాకే హెర్ట్జ్ వస్తుంది. వందే కార్నర్ అనుకుంటే 50 దగ్గర గెయిన్ 0.894 అని లెక్క తేలుతుంది, నిజానికది 0.303. కెపాసిటర్లు మూడూ బాగానే ఉన్నాయి పాపం.

అందుకే నేను ఒక నియమం పెట్టుకున్నాను: s జోలికి మళ్లీ వెళ్లను. ముందు రెండు ఫ్రీక్వెన్సీలూ హెర్ట్జ్‌లోనే రాసుకుని నిష్పత్తి తీస్తాను. 50 / 15.9 అంటే 3.14. రేడియన్లతో చేసినా వచ్చేది ఇదే, కానీ ఒకటి ఇందులో, ఒకటి అందులో ఉంచితేనే కొంప మునుగుతుంది. కెపాసిటివ్ రియాక్టెన్స్ ముందు కట్టి, దాన్ని డివైడర్‌లో పెట్టే పద్ధతి చాలామంది నేర్పుతారు. అది తప్పని అనను, కానీ ఫ్రీక్వెన్సీ మారినప్పుడల్లా మొదటి నుంచి లెక్క చేయాలి. పైగా రెండో తప్పుకు దారి తీసేది అదే.

ఆ రెండో తప్పు ఇది: నిష్పత్తికి ఒకటి కలిపి, 1/(1 + 3.14) చేసి 0.24 అని రాసేయడం. sRC లో s స్థానంలో j2πf వస్తుంది. ఆ j ఊరికే అలంకారానికి లేదు. ఒకటీ 3.14 ఒకే దిక్కులో లేవు, ఒకదానికొకటి లంబంగా ఉన్నాయని అది చెబుతోంది. లంబంగా ఉన్నవాటిని పైథాగరస్ పద్ధతిలోనే కలపాలి:

```
|H| = 1 / √(1 + (f/fc)²)
    = 1 / √(1 + 9.87) = 1 / 3.297 = 0.303
```

కాగితం మీద ఇది ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు. మీటరుతో చూపిస్తే ఒక్కసారికే ఎక్కుతుంది. లోడ్ లేనప్పుడు 6 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ కాస్త ఎక్కువే ఇస్తుంది, 7 వోల్టులు ఇచ్చిందనుకుందాం. కెపాసిటర్ మీద 2.12 వోల్టులు, రెసిస్టర్ మీద 6.67 వోల్టులు రావాలి. రెండూ కూడితే 8.79. ఇచ్చింది ఏడు, కూడితే దాదాపు తొమ్మిది! మొదటిసారి చూసినవాళ్లు మీటరును అనుమానిస్తారు. రెండింటినీ విడివిడిగా వర్గం చేసి కలిపి వర్గమూలం తీయండి, సరిగ్గా ఏడు వస్తుంది. సిరీస్‌లో కరెంటు రెండింటిలోనూ ఒకటే. రెసిస్టర్ వోల్టేజ్ ఆ కరెంటుతో పాటే లేచి పడుతుంది, కెపాసిటర్ వోల్టేజ్ పావు చక్రం వెనకబడుతుంది. ఒకటి శిఖరం మీద ఉన్నప్పుడు రెండోది సున్నా దగ్గర ఉంటుంది కాబట్టి రెండు రీడింగులనూ నేరుగా కూడటానికి వీల్లేదు. మీ కెపాసిటర్ పది శాతం తేడాలో ఉంటే 2.12 కాస్త అటూఇటూ అవుతుంది, కానీ వర్గాల లెక్క మాత్రం తప్పదు.

డెసిబెల్ అడిగితే చివర్లోనే మార్చండి: 20 log(0.303), అంటే −10.4 డెసిబెల్. వోల్టేజ్ నిష్పత్తికి ఇరవై పెట్టాలి. పది పెడితే −5.2 వస్తుంది, అది తప్పు. కార్నర్ దగ్గర గెయిన్ సగం అని రాసేవాళ్లూ ఉన్నారు. సగమయ్యేది పవర్, వోల్టేజ్ 0.707 దగ్గర ఉంటుంది.

ఇక మిగిలింది ఒక్క షరతు. ఈ సూత్రాలన్నీ అవుట్‌పుట్ నుంచి ఎవరూ కరెంటు లాగనప్పుడే చెల్లుతాయి. డిజిటల్ మీటరు సాధారణంగా 10 మెగా ఓమ్ ఉంటుంది కాబట్టి బెంగ లేదు. కానీ కెపాసిటర్‌కి అడ్డంగా 10 కిలో ఓమ్ లోడ్ పెట్టారనుకోండి. కెపాసిటర్ వైపు నుంచి చూస్తే రెండు రెసిస్టర్లూ పారలల్‌లో ఉన్నట్టే, అంటే 5 కిలో ఓమ్. కార్నర్ రెట్టింపై 31.8 హెర్ట్జ్ అవుతుంది. పైగా డివైడర్ వల్ల మొత్తం సగానికి పడుతుంది.

50 హెర్ట్జ్ దగ్గర ఫలితం 0.303 బదులు 0.27. తేడా చిన్నదే కదా అని వదిలేస్తారు, మోసపోయేది అక్కడే. హమ్, అంటే కరెంటు లైన్ నుంచి సిగ్నల్‌లోకి దూరే 50 హెర్ట్జ్ గోల, దాదాపు అంతే తగ్గింది, కానీ మనం కాపాడుకోవాల్సిన డీసీ సిగ్నల్ సగం పోయింది. ఫిల్టర్ బాగానే ఉందని 50 హెర్ట్జ్ రీడింగు చూసి తేల్చేయకండి. ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి, దాని స్థానంలో ఒక బ్యాటరీ పెట్టి, లోడ్ ఉన్నప్పుడూ లేనప్పుడూ అవుట్‌పుట్ కొలవండి. లోడ్ తగిలించగానే రీడింగు పడిపోతే R తగ్గించి అదే నిష్పత్తిలో C పెంచండి, ఉదాహరణకు 1 కిలో ఓమ్, 10 మైక్రోఫారడ్. లోడ్ లేనప్పుడు కార్నర్ 15.9 దగ్గరే ఉంటుంది. 10 కిలో ఓమ్ లోడ్‌కి డీసీలో పోయేది సగం నుంచి పదకొండో వంతుకు దిగుతుంది.