ఖాళీ చోటుకు అద్దె ఎంత? 3వ పాఠం: నెలకా, రోజుకా?

వీధిలో నడుస్తున్న నెల అద్దెను ఎలా కనుక్కోవాలో గత పాఠంలో చూశాం. ఇప్పుడు ఆ చోటును నెలకు ఇవ్వాలా, రోజువారీగా ఇవ్వాలా అన్నది తేల్చుకోవాలి. విజయవాడ వన్‌టౌన్‌లో, రైల్వే స్టేషనుకు నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక ఇంటి ముందు ఒక కారు పట్టే చోటు ఉందనుకుందాం. నెలకైతే 1,500 రూపాయలు వస్తాయి, రోజుకైతే 100 అడగవచ్చు. ఈ అంకెలు లెక్క నేర్చుకోవడానికే. మీ వీధిలో నడిచే అంకెలు మీరు వేసుకోండి.

చాలామంది 1,500ను 100తో భాగించి, నెలలో పదిహేను రోజులు నిండితే చాలు, ఆపైన వచ్చేదంతా లాభమే అనుకుంటారు. ఆ లెక్క తప్పు. నెల అద్దె మనిషికి గేటు తాళంచెవి ఒకటి ఇస్తే ఆయన దారిన ఆయన వచ్చి పోతాడు. రోజువారీ కారు వస్తే ఎవరో ఒకరు గేటు తీయాలి, బండి నంబరు రాసుకోవాలి, డబ్బు తీసుకోవాలి, వెళ్ళేటప్పుడు మళ్ళీ గేటు తీయాలి. ఆ పనికి వాచ్‌మన్‌కు కారుకు 20 ఇస్తే మీకు మిగిలేది 80. లైటుకు, బోర్డుకు నెలకు ఒక 200 వేసుకోండి. అంటే రోజువారీ అద్దెల మీద 1,700 మిగలాలి. 80తో భాగిస్తే 21 దాటుతుంది కాబట్టి, 22 రోజులు నిండితేనే నెల అద్దెను దాటినట్టు. గేటు మీరే తీస్తున్నా ఆ 20ని లెక్కలోంచి తీసేయకండి. మీరు ఊరెళ్ళిన రోజు ఆ పని మరొకరి చేత చేయించాల్సిందే.

అయితే స్టేషను దగ్గర చోటుకు ఒక అనుకూలత ఉంది. శుక్రవారం సాయంత్రం కారు పెట్టి రైలెక్కిన మనిషి సోమవారం ఉదయానికి గాని రాడు. మూడు రోజుల అద్దె వస్తుంది, గేటు పని మాత్రం ఒక్కసారే. 300లో 20 పోగా 280, అంటే రోజుకు 93 పైచిలుకు. ఆయన బేరమాడితే 270కి ఒప్పుకున్నా, విడివిడిగా మూడు కార్లకు ఇచ్చినదానికంటే మీకు పది రూపాయలు ఎక్కువే మిగులుతాయి. 260 దగ్గర రెండూ సమానం. అంతకు కిందికి దిగకండి.

ఇక దసరా. ఇంద్రకీలాద్రికి జనం పోటెత్తే ఆ పది రోజులూ రోజుకు 200 వస్తాయనుకుంటే, 20 పోగా 180 చొప్పున 1,800. ఇది ఒక్కటే నెల అద్దెను మించిపోయింది కదా అని నెల అద్దె మనిషిని పంపించేయాలనిపిస్తుంది. తొందరపడవద్దు. మిగతా ఇరవై రోజుల్లో ఎనిమిది రోజులు నిండాయనుకుంటే 640 వస్తుంది. మొత్తంలోంచి 200 ఖర్చు తీసేస్తే 2,240. నెల అద్దె మీద అదనం 740. పోయిన మనిషి స్థానంలో మరొకరు దొరకడానికి ఒక నెల పడితే పోయేది 1,500!

నేనైతే మధ్యేమార్గం పట్టమంటాను. ఒప్పందం రాసుకునేటప్పుడే, దసరా పది రోజులూ చోటు ఖాళీ చేయాలనీ, ఆ నెల అద్దెలో 500 తగ్గిస్తామనీ రాయండి. 1,000కి 1,800 కలిపి, 200 తీసేస్తే 2,600, పైగా మనిషీ నిలుస్తాడు. ఆ గడువును ఇంగ్లిషు తేదీలతో కాకుండా ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నుంచి దశమి వరకు అని రాయండి, ఎందుకంటే తేదీలు ఏటా మారతాయి. ఒక్క జాగ్రత్త. ఉత్సవాలకు పోలీసులు వాహనాల దారి మళ్ళిస్తారు. మీ వీధిలోకి కార్లు రానివ్వని ఏడాది ఆ 1,800 సున్నా అవుతుంది. ప్రకటన వచ్చాకే చోటు ఖాళీ చేయమని చెప్పండి.

సామాను గదికి రోజువారీ లెక్క దాదాపు ఎప్పుడూ కుదరదు. సరుకు దించిన ప్రతిసారీ పెట్టెలు లెక్కపెట్టి చీటీ రాయాలి, తీసుకెళ్ళేటప్పుడు సరిచూడాలి. ఒక్క రోజు అద్దెకు ఆ శ్రమ గిట్టదు. నెలకే ఇవ్వండి. కాగితం లేకుండా నెలవారీగా ఇచ్చిన గదిని ఖాళీ చేయించాలంటే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలన్నది గుర్తుంచుకోండి.

వచ్చే పాఠం లోపు ఒక పని చేయండి. నాలుగు వారాల పాటు చోటు కోసం అడిగిన ప్రతి ఒక్కరినీ నోటుబుక్కులో రాయండి: ఏ రోజు నుంచి, ఎన్ని రోజులకు, ఎంతకు ఒప్పుకున్నారు. చోటు నిండి ఉండి తిప్పి పంపినవాళ్ళనూ రాయాలి. కానీ ఒకే రోజుకు ముగ్గురు అడిగితే అది మూడు రోజులు కాదు, నిండిన రోజు ఒక్కటే. అలా వచ్చిన మొత్తాన్ని మీ 22 పక్కన పెట్టుకుని రండి. అడ్వాన్సు ఎంత తీసుకోవాలో అక్కడి నుంచి మొదలుపెడదాం.