పాఠం 3: ప్లాన్ ఆగింది, మరి ఫోన్లెందుకు ఆగలేదు?

పోయిన పాఠం చదివిన వాళ్లలో సగం మంది మా నెట్ సెంటర్‌కే వచ్చేశారు. బైరాగిపట్టెడలో ఉన్న వాళ్లు వచ్చారు సరే, చిత్తూరు నుంచి కూడా బస్సెక్కి వచ్చారు. అందరిదీ ఒకే మాట: "అన్నా, నువ్వు చెప్పినట్టే పెళ్లి సంబంధాల సైటు ప్లాన్ ఆపేశాం, అయినా పొద్దున్నే ఎవరో ఒకరు ఫోన్ చేసి అమ్మాయి నక్షత్రం అడుగుతున్నారు." కొంత తప్పు నాదే. డబ్బు కట్ కాకుండా ఆపడం వేరు, ప్రొఫైల్ కనబడకుండా చేయడం వేరు. ఇది అందరికీ తెలిసిందే కదా అని ఒక్క వాక్యంలో దాటేశాను.

ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ప్లే స్టోర్‌లో Payments & subscriptions తెరిస్తే ఏమీ లేదని కొందరన్నారు. ప్లాన్ కొన్నది కొడుకు జీమెయిల్‌తో అయితే అమ్మ ఫోన్‌లో ఎలా కనబడుతుంది? పైన మూలనున్న ఫొటో నొక్కి, కొన్న అకౌంట్‌కు మారి చూడండి. అక్కడా లేకపోతే ఫోన్‌పే, గూగుల్ పేలలో ఆటోపే చూడండి. కార్డుతో కట్టి ఉంటే ఆ బ్యాంకు యాప్‌లో చూడాలి. ఎక్కడా లేదంటే మీది ఒక్కసారి కట్టే మూడు నెలల ప్లాన్ అయ్యుంటుంది, దానికి ఆపాల్సింది ఏమీ ఉండదు. యాప్ తీసేస్తే మాత్రం ఏదీ ఆగదు.

ఇప్పుడు అసలు తంటా. సెట్టింగుల్లో Hide profile అని ఉంటుంది, నొక్కగానే చాలా సైట్లు వారమా, పదిహేను రోజులా, నెలా అని అడుగుతాయి. ఆ ప్రశ్న ఎవరూ చదవరు! ఏదో ఒకటి నొక్కి, దాచేశాం అని నిద్రపోతారు. గడువు తీరిన రోజు ప్రొఫైల్ తనంతట తానే బయటికొస్తుంది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

కొర్లగుంట నుంచి వచ్చిన ఒకమ్మ కథ చెబుతాను. కూతురికి సంబంధం దాదాపు కుదిరింది, ఆషాఢంలో మాటలెందుకని నెల రోజులకు దాచారు. నెల గడిచింది, శ్రావణం వచ్చింది, నిశ్చితార్థం అయింది. సరిగ్గా అప్పుడే ప్రొఫైల్ బయటపడింది. శ్రావణమంటే ఊరంతా సంబంధాలు వెతికే కాలం కదా, మదనపల్లె నుంచి, వేలూరు నుంచి ఒకటే ఫోన్లు. కాబోయే వియ్యపురాలి బంధువు కూడా ఆ ప్రొఫైల్ చూసి, "ఇంకా వెతుకుతున్నారా వదినా?" అని అడిగిందట. ఆవిడ ముఖం చూడలేకపోయాను. ప్రొఫైల్ మళ్లీ కనబడుతోందని సైటు వాళ్లు మెయిల్ పంపారు, కానీ అది ఎవరూ తెరవని కొడుకు పాత మెయిల్‌కు వెళ్లింది.

అందుకే నా పద్ధతి ఇది. సంబంధం ఖాయమైతే దాచడం వద్దు, Delete profile చేయండి. మిగిలిన ప్లాన్ రోజులు పోతాయి, డబ్బు మామూలుగా తిరిగి రాదు, పోనివ్వండి. ఇంకా ఖాయం కాకపోతేనే దాచండి, గడువు తీరేదానికి రెండు రోజుల ముందు అలారం పెట్టుకోండి. ఏది చేసినా ఆటోపే ఆపిన తర్వాతే. ముందే డిలీట్ చేస్తే లోపలికెళ్లి ప్లాన్ వివరాలు చూసే దారి ఉండదు. ప్రొఫైల్ ఐడీ, ప్లాన్ పేజీ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఇంత చేసినా కొన్ని ఫోన్లు వస్తాయి. మీ నంబరు ఇదివరకే చూసి రాసుకున్న వాళ్ల దగ్గర నుంచి దాన్ని ఏ బటనూ వెనక్కి తేలేదు. "సంబంధం కుదిరిందండీ" అని ఒక మెసేజ్ రాసి పెట్టుకుని అదే పంపుతూ ఉండండి, రానురాను తగ్గిపోతాయి. "ఆఫర్ ఉంది మేడమ్, ప్లాన్ కొనసాగించండి" అని చేసేవాళ్లు వేరు, వాళ్లు కంపెనీ మనుషులు. ప్రొఫైల్ దాచినంత మాత్రాన వాళ్లు ఆగరు. ఫోన్, ఎస్సెమ్మెస్, వాట్సాప్ అని నోటిఫికేషన్లలో విడివిడిగా టిక్కులుంటాయి, డిలీట్ చేయకముందే అన్నీ తీసేయండి. ఇక ఫోన్ చేయొద్దని సహాయం పేజీలో రాతపూర్వకంగా అడిగి, వచ్చిన జవాబు దాచుకోండి. ఫోన్‌లో అరిస్తే లాభం లేదు, రేపు ఇంకొకరు చేస్తారు.

అభ్యాసం: మీ లాగిన్‌తో చూస్తే మీ ప్రొఫైల్ మీకెప్పుడూ కనబడుతూనే ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. అదే సైటులో ఖాతా ఉన్న అవతలి పక్షం బంధువును, అంటే మీది అమ్మాయి ప్రొఫైల్ అయితే అబ్బాయి తరఫు ఖాతా ఉన్నవాళ్లను పట్టుకుని, మీ ప్రొఫైల్ ఐడీ కొట్టి వెతకమనండి. దాచిన మర్నాడు ఒకసారి, గడువు తీరే రోజు ఒకసారి, ఆ మర్నాడు ఇంకోసారి. మూడుసార్లూ ఏం కనబడిందో తేదీ వేసి కాగితం మీద రాసుకుని రండి, నాలుగో పాఠం ఆ కాగితం చూశాకే.