డి.ఫార్మసీ ట్రైనింగ్: డైరీలో 500 గంటలున్నా కాలేజీ వెనక్కి పంపితే

డిప్లొమా ఫార్మసీ ప్రాక్టికల్ ట్రైనింగ్‌కు మూడు షరతులున్నాయి. మొత్తం 500 గంటలు చేయాలి. అందులో కనీసం 250 గంటలు ప్రిస్క్రిప్షన్ చూసి మందులిచ్చే పనిలో గడవాలి. ఇదంతా మూడు నెలలకు తగ్గకుండా సాగాలి. చాలామంది మొదటిదొక్కటే చూసుకుంటారు, సంతకాల రోజున టెన్షన్ పడతారు.

సమస్య: గంటలు కూడే ఎక్సెల్ షీట్‌లో మొత్తం 20:00 అని వస్తోంది

గంటలెక్కడికీ పోలేదు. షీట్ ప్రతి 24 గంటలనూ ఒక రోజుగా పక్కన పెట్టి, మిగిలినదే చూపిస్తుంది. 500 గంటలంటే 20 రోజుల 20 గంటలు కదా, ఆ చివరి 20 మాత్రమే కనిపిస్తోంది. మొత్తం ఉన్న గడికి `[h]:mm` ఫార్మాట్ పెడితే 500:00 వస్తుంది.

సమస్య: మన లెక్కకు 500 దాటింది, కాలేజీ లెక్కకు తగ్గింది

దాదాపు ఎప్పుడూ భోజన విరామమే కారణం. ఒక విద్యార్థి 2025 జూన్ 2న మెడికల్ షాపులో చేరాడనుకుందాం. ఉదయం 9:30 నుంచి సాయంత్రం 5 దాకా, రోజుకు ఏడున్నర గంటలని రాసుకున్నాడు. ఆదివారాలు, ఆగస్టు 15 పోను ఆగస్టు 19కి 67 రోజులయ్యాయి, డైరీలో 502 గంటల 30 నిమిషాలు. కానీ రోజూ భోజనానికి 45 నిమిషాలు తీసేస్తే మిగిలేది 452 గంటల 15 నిమిషాలే. ఇంకో 8 రోజులు రావాలి.

వచ్చిన వేళ B, వెళ్లిన వేళ C, విరామం 0:45 రూపంలో D గడుల్లో రాసి, మొదటి రోజు నుంచే ఇలా తీసుకోండి:

```
=C2-B2-D2
```

ఆ 8 రోజులూ ఆగస్టు నెలాఖరులోపే అయిపోవచ్చు. అయినా మూడు నెలలు నిండేది సెప్టెంబర్ 1న, కాబట్టి గంటలు ముందే పూర్తయినా ఆ తేదీ దాకా హాజరు ఉండాలి. రోజుకు పదేసి గంటలు చేసి తొందరగా ముగించాలనుకునేవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. A2లో చేరిన తేదీ ఉంటే, ముగిసే తేదీ ఇలా వస్తుంది, ఆ గడికి డేట్ ఫార్మాట్ పెట్టండి:

```
=EDATE(A2,3)-1
```

సమస్య: 500 సరిపోయాయి, 250 తేలడం లేదు

డైరీలో ప్రతిరోజూ "షాపు పని" అని ఒకే మాట ఉంటే డిస్పెన్సింగ్ ఎంతో ఎవరూ చెప్పలేరు. స్టాకు సర్దడం, ఎక్స్‌పైరీ చూడటం, ఇన్వాయిస్‌లు సరిచూడటం మొత్తంలోకి వస్తాయి కానీ ఈ 250లోకి రావు. డిస్పెన్సింగ్‌కు వేరే గడి పెట్టి, ఏ రోజుది ఆ రోజే నింపండి. నెల సగం గడిచేసరికి డిస్పెన్సింగ్ గంటలు అప్పటిదాకా చేసిన మొత్తం గంటల్లో సగం లేకపోతే, కౌంటర్ దగ్గర ఎక్కువసేపు ఉంచమని ఫార్మసిస్ట్‌ను అడగండి.

పాత రోజులను గుర్తుచేసుకుని అంకెలు నింపొద్దు. షాపు బిల్లులు, షెడ్యూల్ హెచ్1 రిజిస్టర్ తేదీలతో సహా ఉంటాయి. షాపు మూసిన ఆదివారం నాడు మీ డైరీలో ఆరు గంటల డిస్పెన్సింగ్ కనిపిస్తే మిగతా పేజీలనూ అనుమానిస్తారు, సంతకం చేసిన ఫార్మసిస్టూ ఇబ్బందిలో పడతారు. వారానికోసారి ఆయన దగ్గర కూర్చుని బిల్లులతో సరిచూసి, అప్పుడే సంతకం పెట్టించుకోండి.