నోట్సులో ఉన్న ఈ వాక్యం ఎవరిది? పరిశోధకుల కోసం సమస్య - పరిష్కారం

కావాలని ఎత్తిరాసేవాళ్ల కోసం కాదు ఈ వ్యాసం. నిజాయితీగా చదివి, నిజాయితీగా నోట్సు రాసుకుని, రెండేళ్ల తర్వాత అధ్యాయం రాయడానికి కూర్చున్నప్పుడు ఆ నోట్సే తమను మోసం చేస్తే ఏం చేయాలో తెలియని పరిశోధకుల కోసం. గ్రంథచౌర్యం బయటపడేది సిద్ధాంత గ్రంథంలోనే అయినా, దానికి బీజం చాలాసార్లు నోట్సు రాసుకున్న రోజే పడుతుంది.

అమెరికా చరిత్రకారిణి డోరిస్ కెర్న్స్ గుడ్విన్‌కు జరిగింది ఇదే. కెనెడీ కుటుంబ చరిత్ర మీద ఆమె 1987లో వెలువరించిన పుస్తకంలో మరో రచయిత్రి వాక్యాలు కొటేషన్ గుర్తులు లేకుండా ఉన్నాయని 2002లో బయటికి వచ్చింది. చేత్తో రాసుకున్న నోట్సులో ఏవి యథాతథంగా దించుకున్నవో, ఏవి తన మాటల్లో రాసుకున్నవో తర్వాత వేరు చేయలేకపోయానన్నది ఆమె ఇచ్చిన వివరణ. పాదసూచికల్లో ఆ రచయిత్రి పుస్తకాన్ని పేర్కొన్నా అది సరిపోలేదు. మూలం చెప్పడం ఒక బాధ్యత, ఆ మాటలు కూడా మూలానివేనని చెప్పడం మరో బాధ్యత. నోట్సులో ఈ రెండో సమాచారం లేకపోతే గ్రంథంలోకి అది ఎక్కడినుంచీ రాదు.

లక్షణం 1: నోట్సులో చక్కటి వాక్యం ఉంది, పేజీ సంఖ్య కూడా ఉంది. కానీ ఆ మాటలు మీవో పుస్తకానివో చెప్పలేకపోతున్నారు.

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. వాక్యం ముందు రాసి, గుర్తు తర్వాత పెడదామనుకున్నారు. గ్రంథాలయం మూసే వేళ కావచ్చు, పుస్తకం తిరిగి ఇచ్చేయాల్సి రావచ్చు, ఆ ‘తర్వాత’ రాలేదు. లేదా గుర్తుగా రంగు వాడారు. పసుపు అంటే ఎత్తిరాత, ఆకుపచ్చ అంటే సొంత మాట. ఆ నోట్సును ఫోనులోంచి కంప్యూటర్‌లోకి, ఒక ఫైలులోంచి మరో ఫైలులోకి అతికించేటప్పుడు రంగులు పోయాయి, అక్షరాలు మాత్రం మిగిలాయి.

అందుకే గుర్తు అక్షరాల్లోనే ఉండాలి, వాక్యానికి ముందే పడాలి. నాలుగు గుర్తులు చాలు: యథాతథంగా దించుకున్నదానికి [ఎత్తు], మరో భాషలోంచి తెచ్చుకున్నదానికి [అను], మూలంలోని విషయాన్ని సొంత మాటల్లో రాసుకున్నదానికి [సారం], మీకు తోచిన ఆలోచనకు [నాది]. గుర్తు వేయకుండా మొదటి అక్షరం కూడా రాయకూడదు. ఎత్తిరాతకు కొటేషన్ గుర్తులు రెండు వైపులా తప్పనిసరి. మధ్యలో ఏదైనా వదిలేస్తే మూడు చుక్కలు పెట్టండి, మీరు చేర్చిన మాటను చదరపు కుండలీకరణాల్లో ఉంచండి. ఎత్తిరాసిన భాగం ఒక పేజీ నుంచి మరో పేజీకి సాగితే, పేజీ మారిన చోట ఒక గీత (/) గీయండి. అందులో సగమే వాడాల్సి వచ్చినప్పుడు ఏ పేజీ సంఖ్య ఇవ్వాలో ఆ గీతే చెబుతుంది.

లక్షణం 2: ‘సొంత మాటలు’ అనుకున్న పేరా మూలం పక్కన పెడితే దాని కవలలా ఉంది.

ఇక్కడ ఒక ఉదాహరణను పూర్తిగా చూద్దాం. మీ అంశం గోదావరి డెల్టా చరిత్ర. చదువుతున్న పుస్తకంలో ఈ వాక్యం ఉందనుకోండి (ఇది ఈ వ్యాసం కోసం కల్పించిన వాక్యం):

“1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కరవు జిల్లాను ధాన్యాగారంగా మార్చిందన్న మాట సగమే నిజం, కాలువ నీరు ఎక్కని మెట్ట గ్రామాలు పాత పేదరికంలోనే మిగిలిపోయాయి.”

పుస్తకం తెరిచి ఉంచుకుని సొంత మాటల్లో రాసే ప్రయత్నం సాధారణంగా ఇలా తేలుతుంది: “1847లో ప్రారంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరం ఆనకట్ట క్షామ పీడిత జిల్లాను అన్నపూర్ణగా మార్చిందనడం పాక్షిక సత్యమే, కాలువ నీరు అందని మెట్ట ఊళ్లు పూర్వపు దారిద్ర్యంలోనే ఉండిపోయాయి.” చాలా మాటలకు పర్యాయపదాలు పడ్డాయి. వాక్యం నడక, విషయాల వరుస, కామా పడిన చోటు కూడా మూల రచయితవే. దీన్ని [సారం] అని గుర్తించి దాచుకుంటే, రెండేళ్ల తర్వాత మీరు దాన్ని నమ్మి వాడుకుంటారు. మూలం పేరు ఇచ్చినా అది గ్రంథచౌర్యమే అవుతుంది.

దీనికి కారణం బద్ధకం కాదు, కళ్ల ముందున్న వాక్యం. అది కనిపిస్తున్నంతసేపూ మనసు దాని వరుసలోంచి బయటికి రాదు. కాబట్టి చదివి, పుస్తకం మూసి, ఆ పేజీ మీకు దేనికి పనికివస్తుందో ఒకసారి ఆలోచించి, అప్పుడు రాయండి. తర్వాత పుస్తకం తెరిచి రెండు పరీక్షలు చేయండి: వాస్తవం ఏదైనా తప్పుగా పడిందా? మూలంలోని ప్రత్యేకమైన పదబంధం ఏదైనా చొరబడిందా? చొరబడితే మార్చండి, లేదా ఆ ఒక్క పదబంధానికే కొటేషన్ గుర్తులు పెట్టండి. ఇప్పుడు నోట్సు ఇలా ఉంటుంది:

[సారం] పు. 112. ఆనకట్ట ప్రయోజనం జిల్లా అంతటికీ సమానంగా దక్కలేదంటాడు రచయిత. లాభపడినవి కాలువల కింది ఊళ్లు. మెట్ట ప్రాంతం పరిస్థితి మారలేదని వాదన.

[ఎత్తు] పు. 112. “కాలువ నీరు ఎక్కని మెట్ట గ్రామాలు”

[నాది] ‘మార్పు లేదు’ అనడానికి ఆధారం ఏమిటి? మెట్ట నుంచి డెల్టాకు కూలికి వెళ్లినవాళ్ల సంగతి ఇందులో లేదు. శిస్తు లెక్కలతో పోల్చి చూడాలి.

1847, 1852 అన్న సంవత్సరాలను సారంలోకి తీసుకోలేదని గమనించండి. అవి అందరికీ తెలిసిన వాస్తవాలు, ఎవరి సొత్తూ కావు. రచయితది ఆ వాదన, ఆ మాటల కూర్పు. సారంలో ‘అంటాడు రచయిత’, ‘అని వాదన’ వంటి మాటలు తప్పకుండా ఉంచండి. గుర్తు ఎప్పుడైనా చెరిగిపోయినా, ఆ వాక్యం వేరొకరి అభిప్రాయమని ఆ క్రియలే చెబుతాయి.

లక్షణం 3: మూలం ఇంగ్లీషులో ఉంది, నోట్సు తెలుగులో ఉంది. తెలుగు మీదే కాబట్టి వాక్యమూ మీదే అనిపిస్తోంది.

తెలుగులో పరిశోధన చేసేవాళ్లకు అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదేనని నా అభిప్రాయం. ఇంగ్లీషు పేరాను తెలుగు చేయడానికి నిజంగానే కష్టపడతాం. సరైన మాట కోసం నిఘంటువు తిరగేస్తాం, వాక్యాన్ని అటూ ఇటూ మారుస్తాం. ఆ శ్రమ వల్ల ఆ వాక్యం మనదే అన్న భావన స్థిరపడుతుంది. కానీ అనువాదం కూడా ఎత్తిరాతే, భాష మాత్రమే మారింది. తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు మూలంతో పోల్చలేని గ్రంథచౌర్య తనిఖీ సాఫ్ట్‌వేర్ దాన్ని చూపించదు, కాబట్టి రిపోర్టులో పోలిక శాతం తక్కువ వచ్చిందని ధైర్యపడటానికి లేదు. అదే ఇంగ్లీషు పుస్తకం చదివిన పరీక్షకులు ఇట్టే పట్టుకుంటారు.

పాత నోట్సులో అనువాదాన్ని గుర్తుపట్టడానికి వాక్య నిర్మాణమే సాక్ష్యం. ‘నిర్మించబడింది’, ‘పరిగణించబడుతుంది’ వంటి కర్మణి ప్రయోగాలు, అవసరం లేని చోట ‘యొక్క’, మీరు మామూలుగా రాయనంత పొడవైన విశేషణ వాక్యం కనిపిస్తే, ఆ నోట్సు వెనుక ఇంగ్లీషు వాక్యం ఉందని అనుమానించి మూలం వెతకండి.

ఇకముందు రాసుకునేటప్పుడు అనువాదాన్ని ఒంటరిగా ఉంచకండి. [అను] గుర్తు వేసి, పేజీ సంఖ్య రాసి, కొటేషన్ గుర్తుల్లో తెలుగు రాసి, దాని కిందే ఇంగ్లీషు మూల వాక్యాన్ని ఉన్నదున్నట్టు దించండి. గ్రంథంలో వాడినప్పుడు కొటేషన్ గుర్తులతో పాటు ‘అనువాదం నాది’ అని చేర్చండి. మీకు కావలసింది విషయం మాత్రమే అయితే అనువాదం చేయనే వద్దు. ఇంగ్లీషు పేజీ మూసి తెలుగులో సారం రాయండి. మూల వాక్యం కళ్ల ముందు లేనప్పుడు తెలుగు తన సహజమైన వరుసలో వస్తుంది.

లక్షణం 4: [నాది] అని రాసుకున్న ఆలోచన తర్వాత ఒక పుస్తకంలో ఎదురైంది, అది మీరు ఎప్పుడో చదివిన పుస్తకమే.

చదివినదాన్ని గుర్తుంచుకుని, ఎక్కడ చదివామో మరిచిపోవడం మనిషి జ్ఞాపకానికి సహజం. 1989లో బ్రౌన్, మర్ఫీ అనే మనస్తత్వ పరిశోధకులు దీన్ని ప్రయోగంలో చూపించారు. కొందరిని కూర్చోబెట్టి వంతులవారీగా పేర్లు చెప్పించి, తర్వాత ఎవరు చెప్పినవి వాళ్లను గుర్తుచేసుకోమంటే, కొందరు పక్కవాళ్లు చెప్పినవాటిని తమవిగా చెప్పారు. దీన్ని పూర్తిగా ఆపలేం. ప్రతి [నాది] పక్కన తేదీ, ఆ వారం ఏం చదువుతున్నారో రెండు మాటలు రాస్తే చాలు, అనుమానం వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

లక్షణం 5: నోట్సు శుభ్రంగానే ఉంది, అధ్యాయంలోకి వచ్చాక అంతా కలిసిపోయింది.

నోట్సు నుంచి చిత్తుప్రతిలోకి అతికించేటప్పుడు చదవడానికి అడ్డంగా ఉన్నాయని గుర్తులు తీసేస్తారు. తీయకండి. [ఎత్తు], [అను], [సారం] చిత్తుప్రతిలోనూ అలాగే ఉండాలి. పాదసూచిక పడి, కొటేషన్ గుర్తులు సరిచూశాకే ఆ ఒక్క గుర్తును చెరపండి. గైడుకు ఇచ్చే ముందు ఫైలులో ‘[’ కోసం వెతికితే ఇంకా తేలని చోట్లన్నీ బయటపడతాయి.

ఈ దశలో శాతాల భయమే కొందరిని తప్పుదారి పట్టిస్తుంది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సారూప్యం 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. పోలిక లెక్కించేటప్పుడు వరుసగా 14 మాటల వరకు ఉండే సాధారణ పదాలను, యాదృచ్ఛిక పోలికలను మినహాయిస్తారు. ఇవి లెక్కించే పద్ధతికి సంబంధించినవి. 13 మాటలు ఎత్తుకోవడానికి అనుమతిగా వీటిని చదవకూడదు.

ఇప్పటికే పాడైన పాత నోట్సును ఏం చేయాలి?

అంతా తిరగరాయనక్కరలేదు. అధ్యాయంలో వాడబోయే నోట్సు మాత్రమే తీసుకుని, గుర్తులేని ప్రతి వాక్యం ముందు [?] పెట్టండి. మూలం పీడీఎఫ్‌గా ఉంటే వాక్యంలోంచి ఐదారు అరుదైన మాటలు తీసి వెతకండి. తెలుగు పుస్తకాలతో ఇక్కడ ఒక చిక్కుంది. స్కాన్ చేసిన పేజీలు కేవలం బొమ్మలు, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో తయారైన పీడీఎఫ్‌లలో యూనికోడ్‌లో టైపు చేసిన మాట దొరకదు. ‘ఫలితాలు లేవు’ అని వస్తే ఆ వాక్యం పుస్తకంలో లేదని అర్థం కాదు. అప్పుడు పేజీ సంఖ్య పట్టుకుని, ఆ పేజీతో పాటు ముందూ వెనుకా రెండేసి పేజీలు కంటితో చదవాల్సిందే. మూలం దొరికితే సరైన గుర్తు వేయండి. దొరకకపోతే ఆ వాక్యం వేరొకరిదే అన్న లెక్కన పక్కన పెట్టి, ఆ విషయానికి మీ దగ్గరున్న మరో ఆధారం నుంచి కొత్తగా రాయండి. అలాంటి ఆధారం ఏదీ లేకపోతే ఆ వాక్యాన్ని అధ్యాయంలోంచి తీసేయండి, ఎంత బాగున్నా సరే.