పేరు, టైమ్‌ఫ్రేమ్ లేని క్యాండిల్ చార్ట్ స్క్రీన్‌షాట్ వస్తే ఎలా చదవాలి?

ఎవరో ఒక చార్ట్ స్క్రీన్‌షాట్ పంపి "కొంచెం చూడండి" అని ఊరుకుంటారు. పైన స్టాక్ పేరు క్రాప్ అయిపోయి ఉంటుంది, డైలీనో పదిహేను నిమిషాలదో తెలీదు, అసలు వాళ్లకేం కావాలో కూడా రాయరు. అలాంటప్పుడు చాలామంది వెంటనే హ్యామర్, డోజీ అంటూ ప్యాటర్న్ పేర్లు మొదలుపెడతారు, నన్నడిగితే అది అన్నిటికంటే చివర చేయాల్సిన పని.

ఒక చార్ట్ తీసుకుని చూద్దాం. కుడివైపు స్కేల్ 180 నుంచి 220 దాకా ఉంది. కింద Mar, Apr అని రెండే లేబుల్స్. ధర 184 దగ్గర మొదలై మెల్లగా 216 దాకా ఎక్కింది, తర్వాత ఒక పెద్ద ఎర్ర క్యాండిల్, దాని పక్కన కింద పొడుగు విక్ ఉన్న చిన్న క్యాండిల్, అంతే.

స్టెప్ 1: రెండు లేబుల్స్ మధ్య క్యాండిల్స్ లెక్కపెట్టండి. జూమ్ చేసి ఓపిగ్గా లెక్కపెట్టాలి. నెలకి 20–22 వస్తే డైలీ చార్ట్, వారానికి ఐదు రోజులు నడిచే మార్కెట్. 30, 31 వస్తే అది కూడా డైలీనే, కానీ శని ఆదివారాలు కూడా నడిచేది, అంటే ఎక్కువగా క్రిప్టో. నాలుగో ఐదో వస్తే వీక్లీ. మన చార్ట్‌లో 21 వచ్చాయి, సో డైలీ. కింద నెలలు కాకుండా 10:00, 11:00 అని గంటలుంటే కూడా ఇదే పద్ధతి, ఆ గంటలో నాలుగు క్యాండిల్స్ ఉంటే ఒక్కోటి పదిహేను నిమిషాలు.

స్టెప్ 2: గ్యాప్స్ చూడండి. ఒక క్యాండిల్ క్లోజ్ అయిన చోటే తర్వాతది ఓపెన్ అవుతోందా, లేక మధ్యలో ఖాళీలు తరచూ కనిపిస్తున్నాయా? ఫారెక్స్ కూడా వారానికి ఐదు రోజులే కానీ రాత్రింబవళ్లు నడుస్తుంది కాబట్టి వారం మధ్యలో గ్యాప్స్ చాలా తక్కువ. మన చార్ట్‌లో చిన్న చిన్న గ్యాప్స్ చాలాచోట్ల ఉన్నాయి, పైగా పెద్ద ఎర్ర క్యాండిల్‌కి ముందు రోజు క్లోజ్ 215 అయితే, దాని ఓపెన్ 209, క్లోజ్ 203. కింద వాల్యూమ్ బార్స్ కూడా ఉన్నాయి. కాబట్టి రాత్రి మూతపడే ఎక్స్ఛేంజ్‌లో ట్రేడయ్యే షేరో, ఈటీఎఫ్ఫో అయ్యుండాలి, అంతకుమించి పేరు ఊహించొద్దు.

రంగు సంగతి కూడా ఇక్కడే తేల్చేయండి. చైనా, జపాన్ లాంటి చోట్ల ఎరుపంటే పెరగడం. ధర వరసగా ఎక్కిన భాగంలో ఏ రంగు ఎక్కువుందో చూస్తే చాలు, ఇక్కడ ఆకుపచ్చే ఉంది కాబట్టి మామూలే.

స్టెప్ 3: కంటికి కనిపించే పతనాన్ని శాతంలోకి మార్చండి. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. 216 నుంచి 196 దాకా పడటం బొమ్మలో సగం ఎత్తు, చూడగానే గుండె జారుతుంది, కానీ స్కేల్ సున్నా నుంచి కాకుండా 180 నుంచి మొదలవ్వడం వల్ల అలా కనిపిస్తోంది. 20ని 216తో భాగిస్తే దాదాపు 9 శాతం. తక్కువేం కాదు గానీ సగం మాత్రం కాదు.

స్టెప్ 4: చివరి క్యాండిల్‌ని నమ్మేయకండి. 202 దగ్గర ఓపెనై, 196 దాకా పోయి, 201కి వచ్చింది. చూడ్డానికి హ్యామర్‌లా ఉంది, కానీ దాని వాల్యూమ్ బార్ మిగతావాటి ముందు మరీ పొట్టిగా ఉంది, అంటే ఆ రోజు ట్రేడింగ్ ఇంకా అయిపోలేదేమో. స్క్రీన్‌షాట్‌లో ఫోన్ టైమ్ కనిపిస్తే అదీ చూడండి. క్లోజ్ అయ్యేలోపు ఆ క్యాండిల్ ఆకారం ఎలాగైనా మారొచ్చు, ఇప్పుడే హ్యామర్ అని పేరు పెట్టేస్తే అవతలి మనిషి దాన్ని నమ్మి డబ్బు పెట్టేస్తాడు.

స్టెప్ 5: కనిపించింది చెప్పి, ఒక్క ప్రశ్న అడగండి. పది ప్రశ్నలు వేస్తే ఎవరూ జవాబివ్వరు. నేనైతే ఇలా రాస్తా:

"ఇది డైలీ చార్ట్‌లా ఉందండి. 216 నుంచి 196 దాకా, అంటే 9 శాతం పైనే పడి, ఇప్పుడు 201 దగ్గర ఉంది. 215 నుంచి 209కి గ్యాప్ డౌన్ అయింది, ఎందుకో చార్ట్‌లో తెలీదు. చివరి క్యాండిల్ పూర్తయినట్టు లేదు. ఇది ఆల్రెడీ మీ దగ్గరుందా, ఉంటే ఎంతకి కొన్నారు?"

ఆ ప్రశ్నే ఎందుకంటే, 188కి కొన్నవాళ్లు ఇప్పటికీ 7 శాతం లాభంలో ఉన్నారు, వాళ్ల సమస్య లాభం ఎంతవరకు కాపాడుకోవాలన్నది. 212కి కొన్నవాళ్లు 5 శాతం నష్టంలో ఉన్నారు, వాళ్లు ఎక్కడ ఒప్పుకుని బయటపడాలో చూసుకోవాలి, ఆ 196 తెగితే ఏం చేస్తారన్నది ముందే అనుకోవాలి. కొత్తగా కొనాలనుకునేవాళ్లయితే ఆ 209–215 గ్యాప్‌లోకి ధర మళ్లీ వెళ్లి, దాన్ని దాటి క్లోజ్ అవుతుందా అని ఆగి చూడొచ్చు.

వాళ్లు పేరు చెప్పగానే గ్యాప్ వచ్చిన రోజు రిజల్ట్స్ ఏమైనా వచ్చాయా, డివిడెండ్ ఎక్స్ డేట్ ఏమైనా ఉందా అని వెతకండి. ఎక్స్ డేట్ రోజు ధర ఇంచుమించు డివిడెండ్ అంత తగ్గి ఓపెన్ అవ్వడం మామూలే, ఆ 6లో ఎక్కువ భాగం అదే అయితే గ్యాప్‌ని అమ్మకాల ఒత్తిడి కింద లెక్కేయకూడదు. కానీ అక్కడినుంచి 203 దాకా పడింది మాత్రం అమ్మకాల వల్లే.