నెట్ సరిగా లేనిచోట ఫోన్‌లోనే డీఎస్-160 నింపడం ఎలా? టైప్ చేసింది పోకుండా ఏం చేయాలి?

అమెరికా వీసాకి నింపే డీఎస్-160 ఫారం పేజీల మీద పేజీలు సాగుతుంది. ఎమ్మెస్‌కి వెళ్లే పిల్లల్లో చాలామందికి ఇంట్లో ల్యాప్‌టాప్ ఉండదు, ఊళ్లో సిగ్నల్ ఒకసారి ఉంటే ఒకసారి ఉండదు, అందుకని ఫోన్‌లోనే నింపాల్సి వస్తుంది. నింపొచ్చు, ఇబ్బందేమీ లేదు. కానీ మొదలుపెట్టే ముందు ఒక విషయం బాగా అర్థం చేసుకోవాలి: ఒక పేజీలో మీరు టైప్ చేసిందంతా, కింద ఉన్న Next గానీ Save గానీ నొక్కి ఆ పేజీ దాటేవరకు, మీ ఫోన్‌లో ఆ ట్యాబ్‌లో మాత్రమే ఉంటుంది. ట్యాబ్ రీలోడ్ అయిందంటే అది పోయినట్టే. సగం నింపిన పేజీని గుర్తుపెట్టుకునే ఏర్పాటు ఆ సైట్‌లో లేదు.

ఇంకో చిక్కు 20 నిమిషాల గడువు. దాదాపు 20 నిమిషాలు సర్వర్‌కి మీ నుంచి ఏమీ అందకపోతే సెషన్ తెగిపోతుంది. మీరు పాస్‌పోర్టు చూసుకుంటూ నాన్నగారి పుట్టినతేదీ అడిగి తెలుసుకుంటూ ఓపిగ్గా టైప్ చేస్తూనే ఉండొచ్చు, సర్వర్‌కి మాత్రం ఆ సంగతి తెలియదు. అందుకే ఆలోచించే పని, వెతికే పని ఫారం తెరిచాక పెట్టుకోకూడదు.

ముందు నోట్స్‌లో రాసుకోండి

నెట్ అవసరం లేని ఏదో ఒక నోట్స్ యాప్ తెరిచి జవాబులన్నీ ఇంగ్లిష్‌లో, ఫారంలో వచ్చే వరుసలోనే రాసుకోండి: పేరు, పుట్టిన వివరాలు, ప్రయాణం, చిరునామా, ఫోన్, పాస్‌పోర్టు, అమెరికాలో సంప్రదించాల్సినవాళ్లు, కుటుంబం, చదువు-ఉద్యోగం. స్టూడెంట్ వీసా అయితే ఐ-20 మీద ఉన్న సెవిస్ నంబరు కూడా, అంటే N అక్షరం, దాని వెనక పది అంకెలు. తేదీలను 05-AUG-2003 పద్ధతిలో రాసుకుంటే రోజు, నెల తారుమారయ్యే ప్రమాదం ఉండదు.

ఎక్కువ టైమ్ తినేది చదువు-ఉద్యోగం పేజీ. కాలేజీ పూర్తి చిరునామా, కోర్సు పేరు, చేరిన తేదీ, ముగించిన తేదీ, ఉద్యోగం చేసి ఉంటే అక్కడ చేసిన పని గురించి రెండు మూడు వాక్యాలు, అన్నీ అక్కడే అడుగుతారు. ఆ వాక్యాలు నోట్స్‌లో సిద్ధంగా ఉంటే కాపీ చేసి పేస్ట్ చేయడం రెండు నిమిషాల పని. లేకపోతే సెషన్ తెగేది సరిగ్గా అక్కడే.

పాస్‌పోర్టు నంబరు ఉన్న ఈ నోట్‌ని వాట్సాప్‌లో ఎవరికీ పంపకండి, పని అయ్యాక తీసేయండి.

ఆటోఫిల్ ఆపండి

ఇది చాలామంది పట్టించుకోరు గానీ ఎక్కువ నష్టం దీనివల్లే. డెలివరీ యాప్‌లకీ షాపింగ్ సైట్లకీ ఇచ్చిన పేరు, చిరునామా బ్రౌజర్ దాచుకుంటుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, బ్రౌజర్ దాన్నే మొదటి పేరు అనుకుని దాచుకుని ఉంటుంది. ఫారంలో Surnames గడి మీద వేలు పెట్టగానే కీబోర్డు పైన వచ్చే సలహాని నొక్కారంటే ఇంటిపేరు, అసలు పేరు అటూ ఇటూ అయిపోతాయి. ఒక్క గడి నింపి ఊరుకోదు కూడా, స్క్రీన్ కింద మీకు కనపడని గడుల్లో పాత అద్దె ఇంటి అడ్రసో, పాత పిన్‌కోడో పెట్టేస్తుంది. మీరు సరిగ్గా టైప్ చేసినదాని మీద కూడా రాసేయగలదు. డేటా పోవడం కంటే ఇది ప్రమాదం, ఎందుకంటే పోతే తెలుస్తుంది, మారితే తెలియదు.

ఆండ్రాయిడ్ క్రోమ్‌లో పైన మూడు చుక్కలు నొక్కి Settings లోకి వెళ్తే Addresses and more అని ఉంటుంది, అందులో Save and fill addresses ఆఫ్ చేయండి. ఐఫోన్‌లో సఫారీ సెట్టింగ్స్‌లో AutoFill కింద Use Contact Info ఆపాలి. కీబోర్డులో ఆటో కరెక్షన్ కూడా ఆపేయండి. మన ఊళ్ల పేర్లు, కాలేజీల పేర్లు దానికి తప్పు స్పెల్లింగుల్లా కనపడతాయి, మీరు స్పేస్ నొక్కగానే ఏదో ఇంగ్లిష్ మాటగా మార్చేస్తుంది.

రీలోడ్ ఎందుకవుతుంది, ఎలా ఆపాలి

కారణాలు ముఖ్యంగా రెండు. ఒకటి, పేజీ పైభాగంలో ఉన్నప్పుడు వేలితో కిందికి లాగితే రిఫ్రెష్ అవ్వడం. మొదటి గడి సరిచూసుకుందామని పైకి జరుపుతూ జరుపుతూ ఇంకొంచెం లాగితే చాలు, పేజీ మళ్లీ మొదటికి వస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో Settings, Customize కింద Pull to refresh ఆఫ్ చేసుకునే వీలుంది, అందుకే ఇలాంటి పొడుగు ఫారాలకి ఫోన్‌లో నేను ఫైర్‌ఫాక్స్ వాడమనే చెప్తాను. క్రోమే వాడతానంటే పైకి నెమ్మదిగా, చిన్న చిన్న కదలికలతో జరపండి.

రెండోది, ర్యామ్ తక్కువున్న ఫోన్లలో వచ్చేది. ఐ-20 ఫొటో చూద్దామని గ్యాలరీకో, మెసేజ్ వచ్చిందని వాట్సాప్‌కో వెళ్లి తిరిగొస్తే, ఈలోపు ఫోన్ జాగా కోసం బ్రౌజర్‌ని మూసేసి ఉంటుంది. తిరిగి రాగానే పేజీ తెల్లగా అయి మళ్లీ లోడ్ అవుతుంటే జరిగింది అదే. దీనికి మంచి మందు స్ప్లిట్ స్క్రీన్: ఆండ్రాయిడ్‌లో పైన బ్రౌజర్, కింద నోట్స్ పెట్టుకోండి. రెండూ కళ్లెదుటే ఉంటాయి కాబట్టి బ్రౌజర్ వెనక్కి వెళ్లదు, ఫోన్ దాన్ని మూసేసే అవకాశం బాగా తగ్గుతుంది. మొదలుపెట్టే ముందు మిగతా యాప్‌లన్నీ మూసేసి, డోంట్ డిస్టర్బ్ పెట్టుకోండి. కొన్ని ఫోన్లలో, కొన్ని చోట్ల కాల్ వస్తే మొబైల్ డేటా ఆగిపోతుంది, డోంట్ డిస్టర్బ్ మోతనే ఆపుతుంది గానీ దీన్ని ఆపలేదు. మధ్యలో వైఫై నుంచి మొబైల్ డేటాకి మారకండి.

ఇక ఫారం

ceac.state.gov లో డీఎస్-160 తెరిచి, ఎక్కడ ఇంటర్వ్యూకి వెళ్తారో ఆ చోటు, ఉదాహరణకి హైదరాబాద్, ఎంచుకుని మొదలుపెట్టగానే AA తో మొదలయ్యే Application ID ఒకటి ఇస్తుంది, ఒక సెక్యూరిటీ ప్రశ్న కూడా అడుగుతుంది. ఆ రెండూ అక్కడికక్కడే కాగితం మీద రాయండి, స్క్రీన్‌షాట్ కూడా తీయండి. అమ్మమ్మ పేరు ఏంటి అని అడిగే ప్రశ్న ఎంచుకుంటే, మీరు ఇంగ్లిష్‌లో పెట్టిన స్పెల్లింగు అలాగే రాసుకోవాలి, ఎందుకంటే వెంకట లక్ష్మి అన్న పేరుని నాలుగు రకాలుగా రాయొచ్చు. తర్వాత సెషన్ తెగితే తిరిగి లోపలికి వెళ్లడానికి ఆ ఐడీ, ఇంటిపేరులో మొదటి ఐదు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, ఈ జవాబు, ఇవన్నీ అడుగుతుంది. కొత్తపల్లి అయితే KOTHA అన్నమాట.

పేజీల్లో Yes, No అని వచ్చేచోట జాగ్రత్త. అది నొక్కగానే పేజీ ఒకసారి సర్వర్‌ని అడిగి, అవసరమైన కొత్త గడులు తెచ్చుకుంటుంది. నెట్ బాగుంటే రెప్పపాటులో అయిపోతుంది గానీ వీక్‌గా ఉంటే చాలాసేపు పడుతుంది. ఆలోగా మీరు పక్క గడిలో టైప్ చేసింది పేజీ మారగానే ఎగిరిపోవచ్చు. అందుకే పేజీ తెరవగానే ముందు Yes-No లు, దేశం ఎంచుకునేవి అన్నీ ఒకటొకటిగా పూర్తి చేసి, ప్రతిదాని తర్వాత పేజీ కుదుటపడేదాకా ఆగి, ఆ తర్వాత టైపింగ్ మొదలుపెట్టండి. ఈ వరుస ఒక్కటి పాటిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

పేజీ నింపాక Next. తిరుగుతూ ఉంటే మళ్లీ మళ్లీ నొక్కొద్దు. శీర్షిక మారి తర్వాతి పేజీ వచ్చిందంటే పాత పేజీ సర్వర్‌కి చేరినట్టు. వెనక్కి వెళ్లాలంటే ఫారంలో ఉన్న Back బటనే వాడండి, ఫోన్ బ్యాక్ బటన్ గానీ పక్క నుంచి స్వైప్ గానీ వద్దు. ఒకే అప్లికేషన్‌ని రెండు ట్యాబుల్లో తెరవడం కూడా వద్దు.

మూడు నాలుగు పేజీలకి ఒకసారి కింద Save నొక్కండి. అప్పుడు వచ్చే పేజీలో Save Application to File అని ఉంటుంది, అది నొక్కితే .dat అనే ఫైలు మీ ఫోన్‌లో డౌన్‌లోడ్స్‌లోకి వస్తుంది. సర్వర్‌లో మీ సగం ఫారం ఉండేది 30 రోజులే, ఈ ఫైలు మాత్రం మీ దగ్గరే ఉంటుంది, తర్వాత సైట్ మొదటి పేజీలో Upload an Application ద్వారా దాన్ని ఎక్కించి అక్కడి నుంచే కొనసాగించొచ్చు. చదువు-ఉద్యోగం పేజీ ముగిశాక ఈ ఫైలు తప్పకుండా తీసుకోండి, దాని తర్వాత వచ్చే Security and Background పేజీల్లో ఎక్కువగా టిక్కులే. ఫైలులో మీ వివరాలన్నీ ఉంటాయి కాబట్టి నెట్ సెంటర్ కంప్యూటర్‌లో మాత్రం వదిలేసి రాకండి.

తెగిపోతే

Confirm Form Resubmission అనో, ERR_CACHE_MISS అనో పేజీ వస్తే దాన్ని రీలోడ్ చేస్తూ కూర్చోకండి. ట్యాబ్ మూసేసి, ఎయిర్‌ప్లేన్ మోడ్ ఒకసారి ఆన్ చేసి ఆఫ్ చేసి, సైట్ మొదటి పేజీ కొత్తగా తెరిచి Retrieve an Application లోకి వెళ్లండి. చివరిగా దాటిన పేజీ దాకా అన్నీ ఉంటాయి. మీరు పోగొట్టుకునేది ఆ ఒక్క పేజీయే, అది కూడా నోట్స్‌లో ఉంది.

ఫొటో ముందే సిద్ధం చేసుకోండి: చదరంగా, జేపెగ్‌లో, 600 నుంచి 1200 పిక్సెళ్ల మధ్య, 240 కేబీ మించకుండా. ఫోన్ కెమెరా ఫొటో మామూలుగా ఎంబీల్లో ఉంటుంది, వీక్ నెట్‌లో అంత పెద్దది ఎక్కించబోయి గడువు దాటించుకోవడం ఎందుకు.

సమర్పించే ముందు Review పేజీల్లో పేరు, పుట్టినతేదీ, పాస్‌పోర్టు నంబరు, చిరునామా ఒక్కో అక్షరం పాస్‌పోర్టుతో పోల్చండి, ఆటోఫిల్ చేసిన పాడు పని దొరికేది ఇక్కడే. సమర్పించాక మార్చడానికి ఉండదు. సంతకం పేజీలో పాస్‌పోర్టు నంబరు, బొమ్మలోని కోడు ఇచ్చి సమర్పించే బటన్ నొక్కిన క్షణంలో నెట్ పోయిందనుకోండి, కంగారుపడి కొత్త ఫారం మొదలుపెట్టొద్దు. అదే ఐడీతో Retrieve చేసి చూడండి. ఫారం వెళ్లిపోయి ఉంటే బార్‌కోడ్ ఉన్న కన్ఫర్మేషన్ పేజీ తెరుచుకునే వీలు చూపిస్తుంది, దాన్ని పీడీఎఫ్‌గా దాచుకోండి. వెళ్లకపోతే సంతకం పేజీ దగ్గరికి వచ్చి మళ్లీ నొక్కితే సరిపోతుంది.