దసరా ఆఫర్ నిజమైనదేనా? పాత ధరల గ్రాఫ్ చూసి ఇలా తేల్చుకోండి

బతుకమ్మ మొదలయ్యే సరికి నల్లగొండలో, పాలమూరులో ఏ ఇంట్లో చూసినా ఒకటే మాట: టీవీ ఇప్పుడే కొందామా, ఆఫర్ పోతుందేమో అని. ఫోన్‌లో కనిపించే "46 శాతం తగ్గింపు" అనే అంకె ఆ తొందరను పెంచుతుంది. ఆ శాతాన్ని లెక్కగట్టేది మాత్రం ఎమ్మార్పీ మీద. ఎమ్మార్పీ అంటే అంతకుమించి అమ్మకూడదని కంపెనీ ముద్రించే గరిష్ఠ ధర. టీవీల్లాంటి వస్తువులను ఆ ధరకు కొనేవాళ్లు దాదాపు ఉండరు. అందుకే ఎమ్మార్పీని పక్కన పెట్టి, ఆ వస్తువు ఏడాదిగా నిజంగా ఎంతకు అమ్ముడవుతోందో చూడాలి. అది ఉచితంగానే తెలుసుకోవచ్చు. 43 అంగుళాల టీవీని ఉదాహరణగా తీసుకుందాం.

1. మోడల్‌ను సరిగ్గా పట్టుకోండి

ఒకే పేజీలో 32, 43, 55 అంగుళాల టీవీలు మూడూ ఉంటాయి. మీకు కావలసిన సైజును నొక్కిన తర్వాతే లింక్ కాపీ చేయండి. లేకపోతే పక్క సైజు గ్రాఫ్ వస్తుంది, లెక్క మొత్తం తప్పుతుంది. అమెజాన్ లింకులో `/dp/` తర్వాత వచ్చే పది అక్షరాలు, అంకెలే ఆ వస్తువు గుర్తు. ఫ్లిప్‌కార్ట్‌లో అయితే `pid=` తర్వాత ఉండేది. పేజీ కింద వివరాల్లో ఉన్న మోడల్ నంబర్‌ను కూడా ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత పనికొస్తుంది.

2. గ్రాఫ్ తెరవండి

అమెజాన్ వస్తువులకు `keepa.com` ఉంది. అక్కడ భారత్ సైటును, అంటే `.in` ను ఎంచుకుని లింక్ అతికించండి. ఫ్లిప్‌కార్ట్‌కు కూడా కావాలంటే `buyhatke.com` చూడండి. కీపాలో `Amazon`, `New` అని వేర్వేరు గీతలు ఉంటాయి. మన దేశంలో అమెజాన్ సైటులో అమ్మేది ఎక్కువగా వేరే అమ్మకందారులే కాబట్టి మీరు చూడాల్సింది `New` గీత. కాలాన్ని ఏడాదికి పెట్టండి. నెల రోజులకే పెడితే అసలు సంగతి కనబడదు. ఎందుకో కింద చూడండి.

3. గీత ఎక్కడ ఎక్కువ రోజులు నిలిచిందో చూడండి

ముఖ్యమైన పని ఇదే, దీనికి కాస్త సమయం ఇవ్వండి. మన టీవీ ఎమ్మార్పీ 45,999 రూపాయలు, దసరా ధర 24,999 అనుకుందాం. పేజీ మీద 46 శాతం తగ్గింపు అని ఉంటుంది. గ్రాఫ్ ఇలా ఉందనుకోండి: ఏడాదిలో ఎక్కువ రోజులు గీత 25,990 దగ్గర సమంగా సాగింది. జనవరి సేల్‌లో వారం పాటు 24,499కి దిగింది. ఆగస్టు 15 సేల్‌లో 24,999కి వచ్చింది. దసరాకు మూడు వారాల ముందు 31,990కి ఎక్కింది. ఇప్పుడు మళ్లీ 24,999.

నెల రోజుల గ్రాఫ్ మాత్రమే చూసినవారికి ఏడు వేలు తగ్గినట్టు కనిపిస్తుంది. ఏడాది గ్రాఫ్ చూసినవారికి ఆ 31,990 సేల్‌కు ముందు ఎక్కిన ధర అని, మామూలు ధర 25,990 అని తెలుస్తుంది. అసలు తగ్గింపు 991 రూపాయలు. అంటే నాలుగు శాతం కూడా లేదు.

అన్నిటికన్నా తక్కువ ధర ఎంత అన్నదాని కంటే, ఇప్పటి ధర ఏడాదిలో ఎన్నిసార్లు వచ్చిందన్నది నాకు ముఖ్యం. ఈ టీవీ జనవరిలో ఇంకా తక్కువకు దొరికింది, ఆగస్టులో ఇదే ధరకు దొరికింది. మళ్లీ జనవరిలో రావడానికి మంచి అవకాశం ఉంది. మన దగ్గర వానాకాలం వడ్లు అమ్మిన డబ్బులు చాలామందికి దసరా దాటాకే చేతికొస్తాయి. ఇలాంటి గ్రాఫ్ కనిపిస్తే, ఆఫర్ పోతుందని వడ్డీకి అప్పు తెచ్చి కొనాల్సిన పని లేదు. అదే ఏడాదిలో ఎన్నడూ 25,500 కంటే దిగని టీవీ ఒక్కసారిగా 21,999కి వస్తే, అది నిజమైన తగ్గింపు.

4. గ్రాఫ్ చెప్పని విషయాలు

ఒక్క రోజు, లేదా కొన్ని గంటలు సూదిలా కిందికి దిగి లేచిన గీతను లెక్కలోకి తీసుకోకండి. అది కొద్ది సరుకు మీద పెట్టిన డీల్ కావచ్చు, ఎవరో అమ్మకందారు ధర తప్పుగా పెట్టి ఉండవచ్చు. గీత తెగిపోయిన చోట స్టాక్ లేదని అర్థం.

గ్రాఫ్‌కు మీ పిన్‌కోడ్ తెలియదు. హైదరాబాద్‌కు పంపే అమ్మకందారు 508001కి గానీ 509001కి గానీ పంపకపోవచ్చు, ఊళ్లకైతే ఇంకా కష్టం. అందుకే పేజీలో ముందు మీ పిన్‌కోడ్ పెట్టి, అప్పుడు కనిపించే ధరను, డెలివరీ ఖర్చును చూడండి.

బ్యాంకు కార్డు తగ్గింపు, పాత టీవీ ఎక్స్‌ఛేంజ్ సాధారణంగా గ్రాఫ్‌లోకి రావు. పెద్ద అక్షరాల్లో వేసే ధరలో మాత్రం ఒక్కోసారి అవన్నీ కలిపేస్తారు. ఆ తగ్గింపులేవీ కలపని ధరనే గ్రాఫ్‌తో పోల్చండి. కార్డు తగ్గింపును ఆ తర్వాత విడిగా లెక్కవేసుకోండి, అదీ ఆ కార్డు మీ దగ్గర ఉంటేనే.

5. పన్ను మారిన తేదీని మరచిపోకండి

2025 సెప్టెంబర్ 22న 32 అంగుళాలు దాటిన టీవీలు, ఏసీలు, డిష్‌వాషర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత గ్రాఫ్‌లో ఆ తేదీ దగ్గర కనిపించే దిగుడు దుకాణం ఇచ్చిన ఆఫర్ అయి ఉండాల్సిన పని లేదు, పన్ను తగ్గడం వల్లే కావచ్చు. అంతకుముందు ధరతో పోల్చాలంటే పాత ధరను 128తో భాగించి 118తో గుణించండి. పాత 25,600 రూపాయలు ఇప్పటి 23,600తో సమానం. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్ల మీద పన్ను అప్పటికే 18 శాతం కాబట్టి వాటికి ఈ లెక్క అక్కర్లేదు.

6. గ్రాఫ్ ఖాళీగా ఉంటే

సేల్ కోసమే కొత్త మోడల్ నంబర్‌తో వచ్చే టీవీలు ఉంటాయి. వాటికి పాత ధరే ఉండదు, కాబట్టి తగ్గింపు శాతాన్ని అసలు పట్టించుకోకండి. రాసుకున్న నంబర్‌ను అదే కంపెనీ పాత మోడల్ నంబర్లతో పోల్చండి. చివర ఒక అక్షరమే తేడా ఉంటే రెండింటి ర్యామ్, స్పీకర్ల వాట్లు, హెచ్‌డీఎంఐ పోర్టుల సంఖ్య పక్కపక్కన పెట్టి చూడండి. అన్నీ ఒకటే అయితే పాత మోడల్ గ్రాఫే మీకు ఆధారం. ఏదైనా తగ్గించి ఉంటే ధర తగ్గడానికి కారణం అదే కావచ్చు.

క్లాక్ టవర్ దగ్గరి షాపుల్లో కొనేవాళ్లకు గ్రాఫ్ ఉండదు కానీ బిల్లులు ఉంటాయి. ఈ మధ్య అదే మోడల్ కొన్న చుట్టాలనో పక్కింటివాళ్లనో అడిగి బిల్లు చూడండి. దాని మీద మోడల్ నంబర్, తేదీ, ధర మూడూ ఉంటాయి. ఆన్‌లైన్ గ్రాఫ్‌లోని మామూలు ధరను కూడా షాపు ఆయనకు చూపించి, బిగించే చార్జీ, గోడ స్టాండ్‌తో కలిపి ఎంతకిస్తారో అడగండి. ఆన్‌లైన్‌లో కొంటే స్టాండ్‌కు, బిగించడానికి విడిగా ఎంత పడుతుందో పేజీలో చూసి, దాన్ని కూడా ధరకు కలిపాకే రెండింటినీ పోల్చండి.